కోపంగా రాసిన రివ్యూకు డాక్టరు జవాబు: ‘మీరు వచ్చారు’ అని కూడా చెప్పకుండా

ప్రశ్న: నేను పిల్లల డాక్టర్ని. చిన్న టౌన్‌లో సొంత క్లినిక్. నిన్న గూగుల్‌లో ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చి ఇలా రాశాడు: “రెండు గంటలు కూర్చోబెట్టి రెండు నిమిషాలు చూశాడు. డబ్బుల కోసం టెస్టులు రాశాడు. మామూలు జ్వరమే అన్నాడు. పక్క టౌన్‌కి తీసుకెళ్తే డెంగ్యూ అన్నారు. ఎవరూ వెళ్ళకండి.” రాత్రంతా నిద్ర పట్టలేదు. ఈ జవాబు రాసి పెట్టుకున్నాను: “మీ బాబును జ్వరం వచ్చిన రెండో రోజే తెచ్చారు. అప్పుడు డెంగ్యూ పరీక్ష ఎన్‌ఎస్‌1 నెగెటివ్. రెండు రోజుల్లో మళ్ళీ రమ్మన్నాను, మీరు రాలేదు. రాసింది ఒక్క టెస్టు.” ఇందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క తిట్టు లేదు. పోస్ట్ చేయనా?

జవాబు:

వద్దు డాక్టర్ గారూ. ఆ నాలుగు వాక్యాలు నిజమైనవే కాబట్టి వద్దు. అబద్ధమైతే అది మీ పరువుకు సంబంధించిన గొడవ. నిజమైతే అది ఆ పిల్లవాడి కేసు షీటు.

ముప్పై ఏళ్ళుగా ప్రాక్టీసులో ఉన్నాను. కొన్నేళ్ళుగా మా ఆసుపత్రికి వచ్చే ఫిర్యాదులన్నీ నా టేబుల్ మీదికే వస్తున్నాయి. డాక్టర్లు రాసే జవాబుల్లో ప్రమాదకరమైనవి తిట్లున్నవి కావు, వాటిని రాసినవాళ్ళే మర్నాడు తీసేస్తారు. ప్రమాదమంతా మీలాగా శాంతంగా, తారీఖులతో, రిపోర్టులతో రాసే జవాబుల్లోనే ఉంటుంది.

ముందు మీ చిత్తుప్రతినే చూద్దాం. “తెచ్చారు” అనగానే ఆ కుటుంబం మీ దగ్గరికి వచ్చిందని ధ్రువపరిచారు. ఆయనే రాసుకున్నాడు కదా అంటారు. ఆయన రాసుకోవడం ఆయన హక్కు. దానివల్ల మీ నోటికి ఉన్న తాళం ఊడిపోదు. పైగా రివ్యూ ఇంకోసారి చదవండి. జ్వరం వచ్చింది ఎవరికో ఆయన చెప్పలేదు. “బాబు” అని మీరు చెప్పారు. జ్వరం ఎన్నో రోజో ఆయన చెప్పలేదు, మీరు చెప్పారు. ఏ పరీక్ష చేశారో, ఫలితం ఏమిటో మీరే చెప్పారు. “మీరు రాలేదు” అన్నది అన్నిటికంటే బరువైనది. అది వైద్య సమాచారమూ అవుతుంది, తండ్రి మీద నిందా అవుతుంది. ఆయన ఒక్క జబ్బు పేరు బయటపెడితే మీరు మరో నాలుగు సంగతులు చేర్చారు. మీది చిన్న టౌన్ అంటున్నారు. ఆ అకౌంట్ పేరు చూసి వీధి చెప్పగలిగినవాళ్ళు పదిమందైనా ఉంటారు.

నియమం సంగతి క్లుప్తంగా చెబుతాను. మనకు వర్తించేది 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళి. 2023 ఆగస్టులో కొత్తది నోటిఫై అయినా అదే నెలలో దాన్ని నిలిపివేశారు కాబట్టి ఇప్పటికీ పాతదే. అందులో 7.14 ప్రకారం వృత్తిరీత్యా తెలిసిన రోగి రహస్యాలు బయటపెట్టకూడదు. మినహాయింపులు మూడే: జడ్జి ఆదేశిస్తే కోర్టులో చెప్పడం, ఒక వ్యక్తికో సమాజానికో స్పష్టమైన తీవ్ర ప్రమాదం ఉండటం, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు కావడం. డెంగ్యూ ఆ మూడో కోవలోకి వస్తుంది కదా అని ఒక కుర్ర డాక్టరు నాతో వాదించాడు. వస్తుంది నాయనా, కానీ ఆ కబురు ఆరోగ్యశాఖకు పంపాలి, గూగుల్‌కు కాదు అన్నాను. “నా మీద అన్యాయంగా రాశారు” అన్నది ఆ మూడింటిలో లేదు.

అమెరికాలో ఉన్న మన డాక్టర్లకు ఇది డబ్బుతో కూడా తెలిసొచ్చే విషయం. అక్కడి హిపా చట్టం కింద 2019లో డల్లాస్‌లోని ఒక దంత వైద్యశాల రివ్యూకు ఇచ్చిన జవాబులో రోగి వివరాలు రాసినందుకు 10,000 డాలర్లు కట్టింది. 2023లో న్యూజెర్సీలో ఒక మానసిక వైద్య క్లినిక్ అలాంటి పనికే 30,000 డాలర్లు కట్టింది.

“వచ్చారని చెబితే ఏం పోతుంది?” అన్నది నేనూ ఒకప్పుడు అనుకున్నదే. చాలా ఏళ్ళ క్రితం మా రిసెప్షన్ గురించి ఒకరు ఘాటుగా రాశారు. నేను మర్యాదగానే, “మీ ఇంటివారు రెండుసార్లు వచ్చినప్పుడూ నేనే దగ్గరుండి చూశాను” అని జవాబిచ్చాను. జబ్బు పేరు లేదు, మందు పేరు లేదు. కానీ ఆ ఇంట్లో తెలిసింది ఒక్కసారి రావడమే. రెండోసారి ఆ మనిషి ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వచ్చారు. మూడోసారి వచ్చి నా ఎదురుగా కూర్చుని, “ఎందుకు రాశారు మేడమ్?” అని మాత్రం అడిగారు. ఎందుకు వచ్చారో, తర్వాత ఏమైందో ఇక్కడా చెప్పను. ‘రెండుసార్లు’ అన్న ఒక్క మాటకు అంత బరువు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. రివ్యూ రాసేది ఒకరు, రోగి ఇంకొకరు, ఫోను మూడో మనిషిది కావచ్చు. మీ జవాబు ఎవరెవరు చదువుతారో మీకు తెలియదు.

ఇక రాయడం దగ్గరికి వద్దాం. చిత్తుప్రతి వద్దు అనగానే చాలామంది తర్వాత రాసేది ఇది: “నమస్కారం. మీ బాబు ఇప్పుడు కోలుకున్నాడని ఆశిస్తున్నాను. ఆ రోజు రద్దీ ఎక్కువగా ఉండి ఆలస్యమైంది, క్షమించండి.” వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ ‘మీ బాబు’ ఉంది, ‘ఇప్పుడు కోలుకున్నాడని’ అనడంలో అప్పుడు జబ్బుగా ఉన్నాడని ఉంది, ‘ఆ రోజు’ ఉంది. మర్యాద పెరిగిందే తప్ప గుట్టు అలాగే బయటపడింది.

మన తెలుగులో ఈ గుట్టంతా క్రియాపదంలో దాక్కుంటుంది. కర్తను వదిలేసి మాట్లాడే అలవాటు మనది కాబట్టి, ఎవరి పేరూ రాయలేదు కదా అని మనల్ని మనమే మోసం చేసుకుంటాం. “మళ్ళీ రమ్మని చెప్పాం” అన్న వాక్యంలో పేరు లేదు, ‘మీరు’ లేదు, అయినా ఒక మనిషి వచ్చి వెళ్ళినట్టు తేలిపోయింది. “చెప్పాం, చూశాం, రాశాం” అన్నవన్నీ జరిగిపోయిన సంగతిని ఒప్పుకుంటాయి. “చెబుతాం, చూస్తాం, రాస్తాం” అన్నవి క్లినిక్ పద్ధతిని చెబుతాయి. నేను జవాబు రాశాక చేసే మొదటి పని, భూతకాలపు క్రియల కింద గీతలు గీయడం. “చదివాను” తప్ప ఇంకేదైనా మిగిలితే ఎందుకు మిగిలిందో చూస్తాను.

అయితే క్రియ మార్చినంత మాత్రాన సరిపోదు. తెలివైనవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. “జ్వరం రెండో రోజు వచ్చే పిల్లలందరికీ మేం ఎన్‌ఎస్‌1 చేయించి, రెండు రోజుల తర్వాత మళ్ళీ రమ్మంటాం. కొందరు రారు.” అంతా వర్తమానమే, అంతా బహువచనమే. కానీ ఆ చొక్కా ఒక్క మనిషి కొలతలకే కుట్టినది. చదివిన ప్రతివాడికీ అది ఎవరి గురించో అర్థమవుతుంది. అందుకని నాది ఒకటే పరీక్ష: ఈ వాక్యాన్ని తీసుకెళ్ళి వేరే రివ్యూ కింద, అసలు మీ క్లినిక్ గడపే తొక్కని మనిషి రాసిన దాని కింద అతికించినా అది నిజంగా, సహజంగా నిలబడుతుందా? నిలబడితే ఉంచండి. లేకపోతే కొట్టేయండి.

మరి అన్నీ కొట్టేస్తే మిగిలేది కార్పొరేట్ ఆసుపత్రులు అందరికీ అతికించే “మీ అభిప్రాయం మాకు అమూల్యం” కాదా అంటారేమో. అది రాయడం కంటే ఊరుకోవడం మేలు. కోపంగా ఉన్న మనిషికి అది తలుపు మొహం మీద వేసినట్టే ఉంటుంది. దారి ఏమిటంటే, ఆ రివ్యూలో వైద్యానికి సంబంధించినది ఏది, క్లినిక్ నడపడానికి సంబంధించినది ఏది అని విడదీయండి. డెంగ్యూ, జ్వరం, పరీక్ష ఫలితం వైద్యం. వాటి మీద బహిరంగంగా మీ నోరు కట్టేసి ఉంది. రెండు గంటల నిరీక్షణ, టెస్టు ఎందుకో వివరించకపోవడం, ‘మామూలు జ్వరమే’ అని తీసిపారేసినట్టు అనిపించడం క్లినిక్ నడిచే తీరుకు సంబంధించినవి. వాటి మీద మీరు ఎంతైనా నిజాయితీగా మాట్లాడవచ్చు. మీ చిత్తుప్రతి సరిగ్గా తలకిందులైంది. మాట్లాడకూడని దాని మీద నాలుగు వాక్యాలున్నాయి, మాట్లాడాల్సిన రెండు గంటల మీద ఒక్క ముక్క లేదు.

నేనైతే ఇలా రాస్తాను:

“నమస్కారం. మీరు రాసినది చదివాను. ఒంట్లో బాగాలేని పిల్లలతో గంటల తరబడి కూర్చోవడం ఏ తల్లిదండ్రులకైనా చాలా కష్టం. మా ఓపీలో సోమవారాలు, వానాకాలం సాయంత్రాలు నిరీక్షణ ఎక్కువవుతున్న మాట నిజమే. దాన్ని తగ్గించాల్సింది మేమే. ఎవరి వైద్యం గురించీ, ఎవరు మా దగ్గరికి వచ్చారో రాలేదో కూడా, డాక్టరుగా నేను ఇలా అందరి ముందూ మాట్లాడకూడదు. ఏ పరీక్ష ఎందుకు రాశారని అడిగే హక్కు, కేసు కాగితాల నకలు తీసుకునే హక్కు మా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు ఓపీ ఉండదు. ఆ సమయంలో క్లినిక్ నంబరుకు ఫోన్ చేసినా, నేరుగా వచ్చినా నేనే మాట్లాడతాను.”

ఒక్కో వాక్యాన్నీ ఇందాకటి పరీక్షకు పెట్టండి. ‘ఒంట్లో బాగాలేని పిల్లలు’ అన్నానే గానీ జ్వరం అనలేదు. మీరు పిల్లల డాక్టరు కాబట్టి ఆ మాట ఏ రివ్యూ కిందైనా సరిపోతుంది. సోమవారాల ఆలస్యం మీ క్లినిక్ గురించిన నిజం, ఆయన ఏ వారం వచ్చాడన్నది కాదు. ఆ రద్దీ రోజులు మీవి వేరైతే మార్చండి. ఒకవేళ ఆయన నిజంగా సోమవారమే వచ్చి ఉంటే మాత్రం వారాల పేర్లు తీసేసి ‘కొన్ని రోజుల్లో’ అని ఊరుకోండి. ‘తగ్గించాల్సింది మేమే’ అన్న దగ్గర క్షమాపణ ఉంది, కానీ ఫలానా రోజు ఫలానా తప్పు జరిగిందన్న ఒప్పుకోలు లేదు. “మీకు ఇబ్బంది కలిగి ఉంటే క్షమించండి” అనే మాటను నేను ఎప్పుడూ వాడను. ఆ ‘ఉంటే’ చదివినవాడికి ఒళ్ళు మండుతుంది.

టెస్టుల సంగతికి జవాబుగా “మేం కమీషన్లు తీసుకోం” అని రాయాలని మీకు చేతులు దురద పెడుతుంటాయి. అది నిజమే అయినా రాయకండి. ఆయన కమీషన్ అన్న మాటే వాడలేదు. మీరు వాడితే చదివే వందమందికీ ఆ మాటే గుర్తుండిపోతుంది. ఎందుకు రాశారో అడగవచ్చు అని తలుపు తెరిచి పెడితే చాలు. నకలు ఇస్తామన్నది కూడా ఊరికే అనడం కాదు. ఆ 2002 నియమావళి ప్రకారమే రోగి గానీ, వారి తరఫున అధికారం ఉన్నవారు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి రాసేముందు మీ దగ్గర ఆ కాగితాలు ఉన్నాయో లేదో చూసుకోండి. చూసుకోవడం వరకే. రివ్యూ వచ్చాక కేసు షీటులో “రెండు రోజుల్లో రమ్మని చెప్పాను” అని ఒక లైను ఇరికించే ఆలోచన మీకు రాకూడదు. రేపు వ్యవహారం కన్స్యూమర్ కమిషన్ దాకా వెళ్తే, రాయకపోవడం కంటే తర్వాత ఇరికించినదే మిమ్మల్ని ముంచుతుంది.

పోస్ట్ చేసేముందు ఆ పిల్లవాడి సంగతి ఏమీ తెలియని మనిషికి మీ జవాబు ఒక్కటే, రివ్యూ లేకుండా, చదివించండి. “దీన్ని బట్టి ఈయన మా దగ్గరికి వచ్చాడా, రాలేదా?” అని అడగండి. తెలియదు అంటే పాసైనట్టు. నేను ఇందుకు మా అకౌంటెంటును పట్టుకుంటాను. డాక్టర్లు పనికిరారు. వాళ్ళు వాక్యాన్ని చదవరు, కేసును చదువుతారు. అన్నట్టు, డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో ప్రిస్క్రిప్షన్ ఫొటో పెట్టి “ఏం రాయమంటారు?” అని ఇప్పటికే అడిగి ఉంటే అది వెంటనే తీసేయండి. అదీ బయటపెట్టడమే.

గూగుల్‌లో ఒక రివ్యూకు క్లినిక్ తరఫున ఒకే జవాబు ఉంటుంది. తర్వాత దిద్దుకోవచ్చు, తీసేయవచ్చు. కానీ జవాబు పడగానే రాసినాయనకు కబురు వెళ్తుంది. ఆయన స్క్రీన్‌షాట్ తీశాక మీ దిద్దుబాటుకు విలువ లేదు. అందుకే ఈ రాత్రి కాకుండా ఎల్లుండి పోస్ట్ చేయండి. ఆయన రివ్యూను ఇంకా పెంచి రాస్తే మీ జవాబును మార్చకండి. రిపోర్ట్ చేస్తే తీసేస్తారా అంటే, తిట్లు, నకిలీ అకౌంట్లు, పోటీవాళ్ళు రాయించినవి, ఒకరి సొంత వివరాలు బయటపెట్టినవి అయితే తీసేసే అవకాశం ఉంది. ‘ఆయన చెప్పింది తప్పు’ అన్న తగాదాలో గూగుల్ తలదూర్చదు. మీకు వచ్చినది ఆ రెండో రకం. ఉంటుంది, ఉండనివ్వండి.

మీ బంధువులకు, స్టాఫుకు కూడా గట్టిగా చెప్పాలి. మీ బావమరిది ప్రేమకొద్దీ ఐదు స్టార్లు ఇచ్చి, “ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, డాక్టర్ గారు పది నిమిషాలు చూశారు” అని రాస్తే మీరు దాచినదంతా ఆయన వీధిలో పెట్టినట్టే. కాంపౌండరు కేసు షీటులో నంబరు చూసి ఫోన్ చేసి, “రివ్యూ తీసేయండి సార్, మళ్ళీసారి ఫీజు వద్దు” అనడం ఇంకా ఘోరం. ఆ నంబరు వైద్యం కోసం ఇచ్చినది.

ఇక జవాబే వద్దనే సందర్భాలు ఉన్నాయి. రివ్యూలో కోర్టు, నోటీసు, పోలీసు అన్న మాట ఉన్నా, ప్రాణం పోయిన సంగతి ఉన్నా ముందు మీ ఇండెమ్నిటీ ఇన్సూరెన్సు వాళ్ళకు, లాయరుకు చెప్పండి. వాళ్ళు చూసేదాకా ఒక్క అక్షరం వద్దు. గర్భస్రావం, హెచ్‌ఐవీ, మానసిక వైద్యం లాంటి వాటికి విడివిడిగా చట్టాలే ఉన్నాయి. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు చట్టం అనుమతించిన వ్యక్తికి తప్ప బయటపెడితే ఏడాది దాకా జైలు పడవచ్చు. అలాంటి క్లినిక్‌లలో నేను అసలు జవాబే ఇవ్వవద్దంటాను.

మీ మనసులో ఉన్న అసలు బాధ నాకు తెలుసు. మీరు వైద్యంలో తప్పు చేయలేదు. రెండో రోజు ఎన్‌ఎస్‌1 నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగ్యూ లేదని కాదు. ప్లేట్‌లెట్లు పడిపోవడం, ప్రమాద లక్షణాలు సాధారణంగా జ్వరం తగ్గుముఖం పట్టే రోజుల్లో కనబడతాయి. అందుకే రెండు రోజుల్లో రమ్మన్నారు. ఈ ముక్క జనానికి చెప్పాలి, కానీ ఆ రివ్యూ కింద కాదు, ఈ వారంలోనూ కాదు. రేపే పేజీలో డెంగ్యూ మీద వ్యాసం పెడితే అది పేరు మార్చిన జవాబే. వెయిటింగ్ హాల్లో ఏడాది పొడవునా ఉండే బోర్డు మీద పెట్టండి. జ్వరం కేసుకు ఇచ్చే చీటీ వెనుక అచ్చు వేయించండి: కడుపునొప్పి, ఆగని వాంతులు, ఎక్కడినుంచైనా రక్తం, మగతగా ఉండటం, మూత్రం తగ్గడం, చేతులు కాళ్ళు చల్లబడటం కనిపిస్తే, జ్వరం తగ్గినట్టున్నా వెంటనే తీసుకురండి అని. మీరు నోటితో “రెండు రోజుల్లో రండి” అన్నారు. ఎందుకు రావాలో చెప్పారా? రెండు నిమిషాల్లో చెప్పగలిగారా? రెండు గంటలు కూర్చుని అలసిపోయిన తండ్రి చెవికి ‘మామూలు జ్వరమే’ అన్నంతవరకే ఎక్కి ఉంటుంది.

ఆయన ఫోన్ చేసే అవకాశం లేకపోలేదు. చేస్తే ముందు మాట్లాడేది ఎవరో తేల్చుకోండి. తల్లో తండ్రో అయితే సరే. మేనమామో, వార్డు నాయకుడో అయితే, “తల్లిదండ్రులతో మాట్లాడతాను, వాళ్ళను చేయమనండి” అని మర్యాదగా ఆపండి. తండ్రే అని తేలాక ఎన్‌ఎస్‌1 గురించి మొదలుపెట్టకండి, రివ్యూ ఊసు అసలే ఎత్తకండి. ఇందాక మనం జవాబులోంచి కొట్టేసిన వాక్యం ఒకటుంది, అదే అడగండి: “బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడండీ?”